ఎక్స్ ఇనాక్టివేషన్, ఇంప్రింటింగ్: మాక్ టెస్టు కీ మీద అనుమానం

శ్రావణి_నెట్
అందరికీ నమస్తే. నెట్ లైఫ్ సైన్సెస్ కోసం రాస్తున్న మాక్ టెస్టులో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. కీలో జవాబు (ఎ) అని ఇచ్చారు, నాకు మాత్రం (బి) వచ్చింది. వివరణ అడిగితే చాప్టర్ మళ్లీ చదువుకోమన్నారు. మీరే చెప్పండి.

ప్రశ్న: యూబీఈ3ఏ జన్యువు న్యూరాన్లలో తల్లి నుంచి వచ్చిన కాపీ నుంచే పనిచేస్తుంది. ఒకాయనకు ఈ జన్యువు కాపీల్లో ఒకటి మ్యుటేషన్ వల్ల పూర్తిగా చెడిపోయింది, అయినా ఆరోగ్యంగా ఉన్నాడు. ఆయన కొడుక్కీ కూతురికీ కూడా ఆ చెడిన కాపీయే వచ్చింది. వాళ్లూ ఆరోగ్యంగానే ఉన్నారు. ఇద్దరికీ ఈ మ్యుటేషన్ లేనివాళ్లతో పెళ్లిళ్లయ్యాయి. వాళ్ల పిల్లలకు యాంజెల్మాన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం ఎంత?
(ఎ) రెండు చోట్లా సున్నా
(బి) కొడుకు పిల్లల్లో సున్నా, కూతురి పిల్లల్లో సగం
(సి) రెండు చోట్లా సగం
(డి) కొడుకు పిల్లల్లో సగం, కూతురి పిల్లల్లో సున్నా

రాజు_బయోటెక్
కీ కరెక్టే శ్రావణి గారూ. తాతగారి నుంచి వచ్చిన కాపీ అంటే తండ్రి వైపు కాపీ. అది న్యూరాన్లలో ఎలాగూ సైలెంట్. అందుకే కూతురు బాగుంది. మూతపడిన కాపీనే ఆవిడ తన పిల్లలకు ఇస్తుంది, కాబట్టి చెడిపోయినా ఫరవాలేదు. ఎక్స్ ఇనాక్టివేషన్‌లో కూడా అంతే కదా, ఒకసారి మూతపడిన ఎక్స్ ఆ కణం సంతానం అంతటిలోనూ మూతపడే ఉంటుంది. రెండూ ఎపిజెనెటిక్ సైలెన్సింగే, ఒకే రూలు.

జీవకణం
రాజు గారు సగం దారి సరిగ్గానే వచ్చారు. కూతురు ఎందుకు బాగుందో చెప్పింది నిజం. ఆ తర్వాతి అడుగులోనే తేడా వచ్చింది.

కూతురి మెదడులో ఆ కాపీ మీద "ఇది నాన్న ఇచ్చింది" అన్న గుర్తు ఉంటుంది. పిల్లలకు వెళ్లేది మెదడు కణం కాదు, అండం. ఆవిడ ఇంకా తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడే, ముందు ముందు అండాలు కాబోయే ఆదిమ బీజకణాల్లో ఈ గుర్తులన్నీ చెరిగిపోతాయి. నాన్న గుర్తూ పోతుంది, అమ్మ గుర్తూ పోతుంది. ఆవిడ పుట్టి పెరిగాక, అండం ఎదిగే దశలో, రెండు కాపీల మీదా కొత్తగా అమ్మ గుర్తే పడుతుంది, ఎందుకంటే ఇప్పుడు అమ్మ కాబోయేది ఆవిడే. తాతగారు ఇచ్చిన చెడిన కాపీ కూడా ఆవిడ అండంలో అమ్మ కాపీగానే బయటికి వస్తుంది. అది అందిన బిడ్డకు న్యూరాన్లలో పనిచేయాల్సిన కాపీ చెడినది, నాన్న కాపీ ఎలాగూ మూత. యాంజెల్మాన్ తప్పదు. ఆ కాపీ అందే అవకాశం సగం.

కొడుకు విషయంలో గుర్తులు చెరిగాక వీర్యకణాల్లో నాన్న గుర్తే పడుతుంది. ఆయన పిల్లల్లో సగం మందికి మ్యుటేషన్ అందుతుంది, జబ్బు మాత్రం ఎవరికీ రాదు. జవాబు (బి). కీ తప్పు.

శ్రావణి_నెట్
హమ్మయ్య, థ్యాంక్యూ సార్. ఇంకో చిన్న డౌట్. తాతగారికి ఆ మ్యుటేషన్ ఎక్కడి నుంచి వచ్చి ఉండాలి? దీన్ని కూడా ప్రశ్నగా అడిగితే?

జీవకణం
అడిగారనే అనుకోండి. తాతగారికి జబ్బు లేదు. వాళ్లమ్మ నుంచి వచ్చి ఉంటే ఆయనకే యాంజెల్మాన్ వచ్చేది. కాబట్టి వాళ్ల నాన్న నుంచి వచ్చి ఉండాలి, లేదా తండ్రి వైపు కాపీలో కొత్తగా పుట్టి ఉండాలి. ఇలాంటి వంశవృక్షంలో మ్యుటేషన్ మగవాళ్ల గుండా ఎన్ని తరాలైనా చడీచప్పుడు లేకుండా దిగుతూ వస్తుంది. ఒక ఆడమనిషికి అంది, ఆవిడ పిల్లల దగ్గరికి వచ్చేసరికి బయటపడుతుంది. వంశవృక్షం చూడగానే "జబ్బు ఉన్నవాళ్లు ఎవరి బిడ్డలు" అని వెతకండి. బిడ్డ ఆడా మగా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఎందుకంటే జన్యువు 15వ క్రోమోజోమ్ మీద ఉంది. మ్యుటేషన్‌ను ఇచ్చినవారు ఆడా మగా అన్నదే లెక్క. ఎక్స్ లింక్డ్ జబ్బుతో పోలిస్తే ఇది సరిగ్గా తిరగేసినట్టుంటుంది. ప్రశ్న తయారుచేసేవాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టేది అందుకే.

రాజు_బయోటెక్
అంటే ఎక్స్ ఇనాక్టివేషన్‌లో కూడా తరానికోసారి చెరుగుతుందా? మరి "ఒకసారి మూతపడితే శాశ్వతం" అని అన్ని నోట్సుల్లో ఉంటుంది కదా.

జీవకణం
శరీర కణాల వరకు ఆ మాట నిజం. బీజకణాల్లో మూతపడిన ఎక్స్ మళ్లీ తెరుచుకుంటుంది, అండంలోకి వెళ్లే ఎక్స్ పనిచేసే స్థితిలోనే వెళ్తుంది. అంతవరకు రెండింటికీ పోలిక ఉంది. అసలు తేడా ఎంపిక ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందన్న దాంట్లో ఉంది. ఇంప్రింటింగ్‌లో ఏ కాపీ మూతపడాలో అండం, వీర్యకణం కలవకముందే ఖాయమైపోతుంది. అందుకే ఆ జన్యువు ఇంప్రింట్ అయ్యే కణజాలం అంతటా ఒకే వైపు కాపీ మూతపడి ఉంటుంది. మనుషుల్లో ఎక్స్ ఎంపిక మాత్రం పిండం మొదలయ్యాక ఒక్కో కణంలో విడివిడిగా జరుగుతుంది. ఈ కణంలో అమ్మ ఎక్స్, పక్క కణంలో నాన్న ఎక్స్. అక్కడి నుంచి ఆ కణం సంతానమంతా అదే పాటిస్తుంది. కాబట్టి ఆడమనిషి శరీరం రెండు రకాల కణాల కలగలుపు. మేరీ లయన్ 1961లో ఎలుకల ఒంటి మీది రంగు మచ్చలు చూసి చెప్పింది ఈ మాటే.

అనూష_పి
నేను సైన్స్ స్టూడెంట్‌ని కాదండీ, గూగుల్‌లో వెతుకుతుంటే ఈ చర్చ కనిపించింది. మా నాన్నగారికి జీ6పీడీ లోపం ఉంది. మలేరియా మందు వేసుకున్నాక కామెర్లు వచ్చి, ఒంట్లో రక్తం పడిపోయి, అప్పుడు బయటపడింది. ఇప్పుడు నాకు ఆరో నెల. టెస్టు చేయిస్తే నాకు "నార్మల్" అని వచ్చింది. అంటే నాన్న జీన్ నాకు రాలేదనేగా? బాబు పుడితే భయం లేదు కదా?

రాజు_బయోటెక్
నార్మల్ అని వచ్చిందంటే రాలేదనే అనూష గారూ, టెన్షన్ పడకండి.

జీవకణం
ఆగండి రాజు గారూ. అనూష గారూ, జీ6పీడీ జన్యువు ఎక్స్ మీద ఉంది. మీ నాన్నగారికి ఉన్నది ఒకటే ఎక్స్, కూతురికి ఇచ్చేదీ అదే. కాబట్టి రిపోర్టు ఏం చెప్పినా ఆ చెడిన కాపీ మీకు వచ్చే ఉంటుంది. అమ్మ నుంచి వచ్చిన రెండోది బాగుండి ఉంటుంది.

మరి టెస్టు నార్మల్ అని ఎందుకు వచ్చింది? మీ ఎర్ర రక్తకణాల్లో కొన్నింటిలో ఎంజైమ్ పూర్తిగా ఉంటుంది, కొన్నింటిలో బాగా తక్కువగా ఉంటుంది. మామూలుగా వాడే ఫ్లోరసెంట్ స్పాట్ టెస్టు ఈ కణాలన్నింటినీ కలిపేసి చూస్తుంది. ఎంజైమ్ పనితనం సుమారు 30 శాతం కంటే కిందికి పడిపోతేనే అది లోపం అని చూపిస్తుంది. మీలాంటి చాలామంది స్త్రీలకు అది 30కీ 70కీ మధ్య ఎక్కడో ఉంటుంది, స్పాట్ టెస్టులో నార్మల్‌గానే కనిపిస్తారు. ఎంజైమ్‌ను అంకెల్లో కొలిచే పరీక్ష వేరే ఉంది, జన్యు పరీక్ష కూడా ఉంది.

బాబు పుడితే చెడిన కాపీ అందే అవకాశం సగం. పాప పుట్టి, వాళ్ల నాన్న ఎక్స్ బాగుంటే, మీలాగే కలగలుపు కావడానికి సగం. ఇప్పుడే చేయాల్సింది ఒకటి: మీ డాక్టరు గారికి "మా నాన్నకు ఈ లోపం ఉంది" అని స్పష్టంగా చెప్పి కేసు షీటులో రాయించండి. పుట్టాక బిడ్డకు కామెర్లు ఎలా ఉన్నాయో వాళ్లు దగ్గరుండి చూసుకుంటారు. పసిబిడ్డ బట్టల బీరువాలో కలరా ఉండలు పెట్టకండి, ఈ లోపం ఉన్న పిల్లలకు ఆ నాఫ్తలీన్ చాలా ప్రమాదం.

అనూష_పి
అయ్యో, ఇంట్లో అన్ని బీరువాల్లోనూ అవే ఉన్నాయండీ. ఇవాళే తీసేయిస్తాను. మా చెల్లికి కూడా చెప్పాలా?

జీవకణం
చెప్పాలి. ఆవిడ కూడా మీ నాన్నగారి కూతురే, అదే లెక్క.

శ్రావణి_నెట్
సార్, ఇక్కడొక సందేహం. అనూష గారికీ వాళ్ల చెల్లికీ జన్యువులు ఒకేలా ఉన్నా, ఎంజైమ్ కొలిస్తే అంకెలు వేరుగా రావచ్చా? రాండమ్ అంటే సగం సగం రావాలి కదా.

ప్రవాసి_ల్యాబ్
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఎపిజెనెటిక్స్‌లోనే పీహెచ్‌డీ చేస్తున్నాను. ఎంపిక జరిగే సమయానికి పిండంలో కణాలు చాలా తక్కువ. నాణెం పదిసార్లు ఎగరేస్తే ఎనిమిది బొమ్మలు పడినా ఎవరూ ఆశ్చర్యపోరు, వెయ్యిసార్లు ఎగరేసి ఎనిమిది వందలు పడితే అనుమానిస్తాం. ఇక్కడ జరిగేది మొదటి రకం. అందుకే 80:20 లాంటి ఒరుగుడు ఆరోగ్యంగా ఉన్న స్త్రీలలోనూ కనిపిస్తుంది. చెడిన ఎక్స్ వైపే బాగా ఒరిగితే క్యారియర్ అయిన స్త్రీకే జబ్బు లక్షణాలు వస్తాయి.

ఇది కాకుండా రాండమ్‌గా మొదలై తర్వాత ఒరిగే రకం ఉంది, పరీక్షల్లో దాని మీద ప్రశ్న వేయడం వాళ్లకు సరదా. ఒకావిడకు ఎక్స్ ముక్క ఒకటి, ఆటోజోమ్ ముక్క ఒకటి చోట్లు మార్చుకున్నాయి, ఏ ముక్కా పోలేదు. ఆవిడ కణాల్లో దాదాపు అన్నింటిలో మూతపడింది మామూలు ఎక్స్. ఎందుకు? జవాబు రాసేటప్పుడు "కణం తెలివిగా ఎంచుకుంది" అన్న ధోరణిలో రాయకండి. ఎంపిక రాండమ్‌గానే జరిగింది. అతికిన ఎక్స్ మూతపడిన కణాల్లో ఆ మూత పక్కనున్న ఆటోజోమ్ ముక్కకు కూడా పాకింది, ఆ కణాలు వెనకబడి పోయాయి. మిగిలింది రెండో రకం. అలాంటి స్త్రీలలో ఎక్స్ తెగిన చోటు సరిగ్గా డిస్ట్రోఫిన్ జన్యువు మధ్యలో పడితే, పనిచేసే ఎక్స్‌లో అది చెడిపోయి ఉంటుంది, బాగున్న కాపీ మూతపడి ఉంటుంది. అలా ఆడపిల్లలకు డుషెన్ కండరాల జబ్బు వచ్చిన కేసులు ఉన్నాయి. ఆ జన్యువు ఎక్స్ మీద ఎక్కడుందో పట్టుకోవడానికి అవే దారి చూపించాయి.

కోటి_గుంటూరు
పెద్దలందరికీ నమస్కారం. మా ఇంట్లో తెలుపు, నలుపు, నారింజ మూడు రంగుల పిల్లి ఉంది. మగది! మా వాడి బయాలజీ మాస్టారు మూడు రంగుల మగపిల్లి ఉండదన్నారట. ఫోటో పెట్టమంటారా?

ప్రవాసి_ల్యాబ్
ఫోటో కంటే ముందు అది మగదేనా అని ఒకసారి పశువుల డాక్టరుకు చూపించండి కోటి గారూ, పిల్లుల్లో పొరపాటు పడటం తేలిక. మగదే అయితే ఎక్కువ సందర్భాల్లో దానికి రెండు ఎక్స్‌లు, ఒక వై ఉంటాయి. నారింజ రంగు జన్యువు ఎక్స్ మీద ఉంది. నారింజ మచ్చలున్న చోట ఒక ఎక్స్, నల్ల మచ్చలున్న చోట ఇంకో ఎక్స్ పనిచేస్తున్నాయి. తెలుపు వేరే జన్యువు, దానికీ ఎక్స్‌కీ సంబంధం లేదు. మాస్టారు చెప్పింది మామూలు మగపిల్లికి సరిపోతుంది.

కోటి_గుంటూరు
దానికి పిల్లలు పుడతాయా మరి?

ప్రవాసి_ల్యాబ్
రెండు ఎక్స్‌లూ ఒక వై ఉన్నదైతే ఆశ పెట్టుకోకండి, అవి దాదాపుగా గొడ్డువే.

శ్రావణి_నెట్
పిల్లి మాట వచ్చింది కాబట్టి ఇదే పేపర్లో ఇంకో ప్రశ్న. మూడు రంగుల ఆడపిల్లి శరీర కణం ఒకటి తీసుకుని క్లోన్ చేస్తే, క్లోన్‌కు ఏ రంగులు వస్తాయి? తల్లి మచ్చలే వస్తాయా, వేరే అమరికలో మచ్చలా, ఒకే రంగా? కీలో "వేరే అమరికలో మచ్చలు" అని ఉంది.

జీవకణం
దీనికి నిజంగా జరిగిన ఉదాహరణ ఉంది. 2001 డిసెంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో పుట్టిన సీసీ అనే పిల్లి, పిల్లుల్లో మొదటి క్లోన్. కేంద్రకం ఇచ్చిన రెయిన్‌బో మూడు రంగులది. సీసీ ఒంటి మీద మాత్రం నారింజ మచ్చ ఒక్కటీ లేదు. కేంద్రకం తీసిన కణంలో నారింజ రంగు ఉన్న ఎక్స్ మూతపడి ఉంది, క్లోన్‌లో అది తెరుచుకోలేదన్నది సరిపోయే వివరణ. ఆ లెక్కన "ఒకే రంగు" అనాలి.

ప్రవాసి_ల్యాబ్
సార్, అక్కడే నాకు కొంచెం అభ్యంతరం. 2000లో ఎలుక క్లోన్ల మీద వచ్చిన పరిశోధనలో, పిండం శరీర భాగంలో మూతపడిన ఎక్స్ తెరుచుకుని మళ్లీ రాండమ్‌గా ఎంపిక జరిగింది. మాయ తయారయ్యే వైపు మాత్రం పాత కణంలో మూతపడిన ఎక్సే మూతగా మిగిలింది. ఎలుకలు చెప్పినదాన్ని బట్టి కీ సరైనది, సీసీని చూస్తే మీరన్నది సరైనది. ఒక్క పిల్లిని బట్టి రూలు రాయలేం. ప్రశ్నలోనే సీసీ పేరు ఉంటే తప్ప ఇలాంటిది అడగకూడదు.

జీవకణం
ఒప్పుకుంటాను. అయితే ఈ ఎలుకల మాయలోనే రాజు గారు గమనించాల్సింది ఒకటుంది. మామూలుగా పుట్టే ఎలుకల మాయలో ఎక్స్ ఎంపిక రాండమ్ కాదు, ఎప్పుడూ నాన్న ఎక్సే మూతపడుతుంది. కంగారూ జాతి జంతువుల్లోనైతే ఒళ్లంతా అంతే. అది ఎక్స్ ఇనాక్టివేషన్, ఇంప్రింటింగ్ కూడా. "రెండూ పూర్తిగా వేరు" అని ఆప్షన్ ఇస్తే కొట్టేయడానికి ఈ ఒక్క ముక్క చాలు. మనుషుల మాయ సంగతి అలా లేదు, ఎలుక లెక్కను మనకు అంటగట్టకండి.

రాజు_బయోటెక్
సరే సార్. కనీసం ఇదైనా కరెక్టేనా చూడండి: మూతపడిన కాపీ మీద మిథైలేషన్ ఉంటుంది, పనిచేసే కాపీ మీద ఉండదు. దీన్ని పట్టుకుంటే యాంజెల్మాన్ టెస్టు ప్రశ్నలన్నీ వచ్చేస్తాయి కదా?

జీవకణం
ఆ ప్రశ్నల్లోనే మార్కులు పోయేది. 15వ క్రోమోజోమ్ మీద ఈ ప్రాంతంలో మిథైలేషన్ చూసే చోటు యూబీఈ3ఏ మీద కాదు, దూరంగా ఎస్ఎన్ఆర్‌పీఎన్ దగ్గర. అక్కడ అమ్మ కాపీ మీద మిథైలేషన్ ఉంటుంది, నాన్న కాపీ మీద ఉండదు. నాన్న కాపీలో అక్కడి నుంచి బయల్దేరిన పొడవైన ఆర్ఎన్ఏ న్యూరాన్లలో యూబీఈ3ఏ మీదుగా ఎదురు దిశలో సాగిపోతుంది, దాన్ని పని చేయనివ్వదు. అంటే ఇక్కడ మిథైలేషన్ లేని వైపే యూబీఈ3ఏ మూతపడింది. మీ రూలు తలకిందులైంది.

ఇప్పుడు టెస్టు చూడండి. రక్తంలోని డీఎన్ఏకు బైసల్ఫైట్ పట్టించి పీసీఆర్ చేస్తే మామూలు మనిషికి రెండు బ్యాండ్లు వస్తాయి, మిథైలేషన్ ఉన్న అమ్మది ఒకటి, లేని నాన్నది ఒకటి. అమ్మ బ్యాండ్ ఒక్కటే వస్తే ప్రాడర్-విల్లీ, నాన్నది ఒక్కటే వస్తే యాంజెల్మాన్. ఆ ముక్క ఎగిరిపోయినా, రెండు క్రోమోజోమ్‌లూ ఒకరి దగ్గరి నుంచే వచ్చినా, గుర్తు వేయడంలో తప్పు జరిగినా బ్యాండ్ ఇలాగే కనిపిస్తుంది. ఏది జరిగిందో తేల్చడానికి మళ్లీ వేరే పరీక్షలు కావాలి.

శ్రావణి గారు మొదట అడిగిన కుటుంబంలో కూతురికి జబ్బున్న బిడ్డ పుట్టిందనుకోండి. ఆ బిడ్డకు ఇదే టెస్టు చేస్తే ఏం వస్తుంది?

శ్రావణి_నెట్
అమ్మ క్రోమోజోమ్ ఉంది, నాన్నదీ ఉంది, గుర్తులూ సరిగ్గానే ఉన్నాయి. చెడింది యూబీఈ3ఏ అక్షరాలు మాత్రమే. రెండు బ్యాండ్లూ వస్తాయి, రిపోర్టు నార్మల్!

జీవకణం
అదే. యాంజెల్మాన్ ఉన్న పిల్లల్లో సుమారు 80 శాతం మందిని ఈ టెస్టు పట్టుకుంటుంది. యూబీఈ3ఏ మ్యుటేషన్ వల్ల వచ్చినవి, దాదాపు పదింట ఒకటి, ఇందులో నార్మల్‌గానే కనిపిస్తాయి. అక్కడ జన్యువును సీక్వెన్స్ చేయాల్సిందే. పైగా తల్లి నుంచి పిల్లలకు సగం అవకాశంతో దిగే కుటుంబాల్లో ఈ రకం ముఖ్యమైనది. "మిథైలేషన్ నార్మల్, కాబట్టి తర్వాతి బిడ్డకు భయం లేదు" అన్న ఆప్షన్ కనిపిస్తే దాని జోలికి పోకండి.

రాజు_బయోటెక్
ఒక్క ప్రశ్న మిగిలింది. ఒక ఎక్స్ ఎలాగూ మూతే అయితే టర్నర్ అమ్మాయిలకు, అంటే 45,X వాళ్లకు, ఏ సమస్యా ఉండకూడదు కదా?

ప్రవాసి_ల్యాబ్
మూత పూర్తిగా పడదు కాబట్టి. మనుషుల్లో మూతపడిన ఎక్స్ మీద కూడా సుమారు 15 శాతం జన్యువులు పనిచేస్తూనే ఉంటాయి. ఎక్స్ కొనలో ఉండే షాక్స్ జన్యువు వాటిలో ఒకటి, అది రెండు కాపీలూ ఉంటేనే ఎత్తు సరిగ్గా పెరుగుతారు. టర్నర్‌లో పొట్టిగా ఉండటానికి అది కారణం. మిగతా లక్షణాల్లో ఒక్కోదానికి ఏ జన్యువు బాధ్యత అన్నది ఇంకా తేలాల్సి ఉంది. బార్ బాడీల లెక్కకు మాత్రం ఇదేమీ అడ్డురాదు, ఎక్స్‌ల సంఖ్యలో ఒకటి తీసేయండి: 45,X కు సున్నా, 47,XXY కి ఒకటి, 49,XXXXY కి మూడు.

శ్రావణి_నెట్
చివరిగా ఇది కూడా చూడండి సార్. "పెద్దయిన ఎలుక చర్మ కణంలో, మూతపడిన ఎక్స్ మీది ఎగ్జిస్ట్ జన్యువును తీసేస్తే ఏమవుతుంది?" కీలో "ఎక్స్ మూతపడే ఉంటుంది" అని ఇచ్చారు. ఎగ్జిస్ట్ ఆర్ఎన్ఏనే కదా ఎక్స్‌ను కప్పి మూసేది, అది పోయాక ఎలా నిలుస్తుంది?

జీవకణం
మూయడానికి ఎగ్జిస్ట్ కావాలి. మూతపడ్డాక హిస్టోన్ల మీద మార్పులు, ఆ తర్వాత డీఎన్ఏ మిథైలేషన్ వచ్చి పని అందుకుంటాయి. చర్మ కణాల్లో ఎగ్జిస్ట్ తీసేసినప్పుడు కొద్దిపాటి జన్యువులు అక్కడక్కడా తెరుచుకున్నాయే గానీ ఎక్స్ మొత్తం తెరుచుకోలేదు. మిథైలేషన్‌ను కూడా దెబ్బతీస్తే తెరుచుకోవడం పెరిగింది. ఈ ప్రశ్నకు కీ సరైనదే.

ప్రవాసి_ల్యాబ్
"చర్మ కణంలో" అని రాశారు కాబట్టి సరిపోయింది సార్. తెల్ల రక్తకణాల్లో బి కణాలు తీసుకుంటే కథ వేరు. వాటిలో కొన్ని ఎక్స్ జన్యువులు మూతపడి ఉండటానికి ఎగ్జిస్ట్ నిత్యం కావాల్సి వస్తోందని ఈ మధ్య పనులు చెబుతున్నాయి. లూపస్ లాంటి జబ్బులు ఆడవాళ్లలో ఎక్కువగా రావడానికీ దీనికీ లింకు ఉందా అని వెతుకుతున్నారు. మా ల్యాబులోనే దీని మీద ఇద్దరికి ఇద్దరూ చెరో వైపు వాదిస్తారు.

శ్రావణి_నెట్
అయితే ప్రశ్నలో కణం పేరు లేకపోతే ఏది పెట్టాలి?

జీవకణం
పరీక్షలో "మూతపడే ఉంటుంది" పెట్టండి. ఇంటర్వ్యూలో అడిగితే ముందు "ఏ కణంలో" అని అడగండి.

కోటి_గుంటూరు
పిల్లి మగదేనని డాక్టరు గారు చెప్పారండీ. ఫోటో ఎక్కడ పెట్టాలి?